ల్యాబ్ బీరువా: అక్షర క్రమమా, గుణాన్ని బట్టా, ఏది మేలు?

జూన్‌లో ల్యాబ్ తాళం తీసినప్పుడల్లా చీపురుపల్లి, రాజాం వైపు సైన్స్ టీచర్లు అడిగే ప్రశ్న ఇది. సీసాలను ఇంగ్లీషు అక్షర క్రమంలో సర్దాలా, గుణాన్ని బట్టి విడదీయాలా?

అక్షర క్రమానికి ఒక మంచి ఉంది. కొత్తగా వచ్చిన ల్యాబ్ అసిస్టెంట్ అయినా అడిగిన సీసా వెంటనే తీసిస్తాడు. ఏడాది చివర స్టాక్ సరిచూసేటప్పుడు రిజిస్టర్‌లోని వరుస, బీరువాలోని వరుస ఒకటే కాబట్టి పని తొందరగా తెములుతుంది. లవణాల వరకు ఈ పద్ధతితో పెద్ద ఇబ్బంది లేదు.

ఇబ్బంది పక్కపక్కన చేరే సీసాలతో. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకే అక్షరంతో మొదలవుతాయి. రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు రావచ్చు. అసిటోన్, అమ్మోనియా ద్రావణం కూడా ఇలాగే ఒకే చోట చేరతాయి. మరుగుదొడ్లకు తెచ్చిన బ్లీచింగ్ పౌడర్‌ను చాలాచోట్ల ల్యాబ్ బీరువాలోనే దాచుతారు. దాని మీద ఏ ఆమ్లం ఒలికినా వచ్చేది క్లోరినే. సీసా గట్టిగా మూసి ఉన్నన్నాళ్లు ఏ వరుసైనా ఒకటే. మూత పగిలిన రోజున పక్కన ఏముందన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. అందుకే గుణాన్ని బట్టి విడదీయడం వైపే మొగ్గుతాను.

తప్పు పొరుగు ఎలా తెలుస్తుంది? సీసాల మెడల మీద, మూతల చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటే చూడండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, అమ్మోనియా ఆవిరి కలిసి అమ్మోనియం క్లోరైడ్‌గా మారిన గుర్తు అది. తుడిచేస్తే సరిపోదు, ఆ రెండు సీసాలనూ వేరు చేయాలి.

ఒక్క ఇనుప బీరువాయే ఉన్న బడిలో ఇలా చేయవచ్చు. ఆమ్లాలను బీరువాలో ఉంచకండి, వాటి ఆవిరికి ఇనుము తుప్పు పడుతుంది. పాత గదుల్లో ఉండే సిమెంటు అరల్లో కింది అర వాటికివ్వండి. సిమెంటును ఆమ్లం తినేస్తుంది కాబట్టి ప్రతి ఆమ్లానికీ విడిగా ఒక ప్లాస్టిక్ టబ్ కావాలి. నైట్రిక్ ఆమ్లాన్ని అసిటిక్ ఆమ్లం నుంచి, స్పిరిట్ నుంచి దూరంగా ఉంచాలి. అమ్మోనియా, కాస్టిక్ సోడా గదికి ఇంకో వైపున ఉండాలి. స్పిరిట్, అసిటోన్ బర్నర్లు లేని మూలకు పోవాలి. బీరువాలో లవణాలు మిగులుతాయి. వాటిలోనూ పొటాషియం పర్మాంగనేట్, నైట్రేట్లు ఒక చివర, గ్లిజరిన్ వేరే అరలో ఉండాలి. పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పడితే కాసేపటికి దానంతటదే మంట లేస్తుంది. కిరోసిన్‌లో ఉంచిన సోడియం ముక్కలకు సింక్ దగ్గర గానీ, వానకు కారే గోడ దగ్గర గానీ చోటివ్వకూడదు.

మరి వెతకడం కష్టం కాదా? ఆ పని రిజిస్టర్‌కు అప్పగించండి. తేదీల వారీగా అన్నీ కలిపి రాసే ఇష్యూ రిజిస్టర్ కన్నా, ఒక్కో రసాయనానికి ఒక్కో పేజీ ఇచ్చి, పేజీలను అక్షర క్రమంలో పెట్టి, పైన అర నంబర్ రాస్తే సీసా దొరుకుతుంది, మిగులూ తెలుస్తుంది. తేదీల పుస్తకంలో ఏ రోజు ఏం జరిగిందో ఉంటుంది గానీ, ఎంత మిగలాలో తెలియాలంటే వెనక్కి వెళ్లి కూడుకోవాలి.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం పేజీనే తీసుకోండి. 500 మి.లీ. సీసాలు రెండు, అంటే 1000 మి.లీ. గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్ ఉంటుంది. 2 మోలార్ ద్రావణం ఒక లీటరు చేయడానికి 167 మి.లీ. తీశారు, మిగులు 833. ఇంకోసారి అంతే తీశారు, మిగులు 666. అంటే సీల్ వేసిన సీసా ఒకటి, తెరిచిన దానిలో 166 మి.లీ. ఉండాలి. చూస్తే 100 మాత్రమే ఉంది. మూత వదులైతే ముందు తగ్గేది ఘాటు, ద్రవం అంతగా తగ్గదు. పైగా చుట్టూ ఇనుము తుప్పు పట్టి ఉండేది. అలాంటిదేమీ లేకపోతే ఒలికిందో, బండలు కడగడానికి ఎవరైనా తీసుకెళ్లారో అడగాలి. అడగాల్సింది ఎవరినో తెలియాలంటే ప్రతి వరుసలో తీసిన వారి సంతకం ఉండాలి. గాఢ ఆమ్లం సీసా టీచర్ పేరు మీదే ఇష్యూ కావాలి, పిల్లల బల్ల మీదకు సజల ద్రావణమే వెళ్లాలి.

కంప్యూటర్‌లో ఎక్సెల్ పెట్టుకుంటామంటే పెట్టుకోండి, కానీ సంతకానికి పుస్తకం ఎలాగూ తప్పదు. బీకర్లు, బ్యూరెట్లు, స్టాండ్లకు వేరే పుస్తకం చాలు. పగిలినవి అదే రోజు రాయించండి.

మన తీరంలో తేమకు లేబుళ్లు ఊడిపోతుంటాయి. సీసా కొన్న రోజే పేరు రాసి, లేబుల్ మీద వెడల్పు సెల్లోటేప్ చుట్టేయండి. తెరిచిన రోజున ఆ తేదీ టేప్ మీద రాయండి. పేరు పోయిన సీసాలో ఏముందో వాసన చూసి తేల్చుకోవద్దు. రిజిస్టర్‌లో ‘పేరు లేనిది’ అని రాసి పక్కన పెట్టి, హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి.