అమ్మ పేరు మీదున్న కాగితం షేర్లు, ఆర్టీఏతో మా అనుభవం

షేర్లకు సంబంధించి ఏ పని పడినా చాలామంది కంపెనీకే ఫోన్ చేస్తారు, వాళ్లేమో "మా ఆర్టీఏని అడగండి" అని పెట్టేస్తారు. ఆర్టీఏ అంటే రిజిస్ట్రార్ అండ్ షేర్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్. ఎవరికి ఎన్ని షేర్లున్నాయి, డివిడెండ్ ఎవరి ఖాతాకు పోవాలి, ఎవరి సంతకం ఎలా ఉంటుంది, ఈ లెక్కంతా కంపెనీ తరఫున చూసేది వీళ్లే. మా అమ్మ టీచరుగా ఉన్నప్పుడు కొన్న షేర్లు ఇంకా కాగితం సర్టిఫికెట్లుగానే ఉండటంతో కొన్నేళ్లుగా చిత్తూరు నుంచి వీళ్లతో నాకు పని పడుతూనే ఉంది.

ముందు ఆర్టీఏ ఎవరో కనుక్కోవాలి. సర్టిఫికెట్ మీద ఉన్న అడ్రసుకు ఉత్తరం రాయొద్దు, పాతికేళ్ల కిందటి ఆఫీసు అది, ఈలోపు ఆర్టీఏనే మారిపోయి ఉండొచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీ చూడండి, లేదంటే తాజా వార్షిక నివేదికలో కార్పొరేట్ గవర్నెన్స్ భాగంలో వాటాదారుల సమాచారం దగ్గర పేరు, అడ్రసు, ఈమెయిల్ ఉంటాయి, అది ఉండి తీరాలని నిబంధన. బీఎస్‌ఈ సైట్‌లో కంపెనీ పేజీలోనూ దొరుకుతుంది. రెండు చోట్లా ఒకే పేరు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. కంపెనీయే లేకుండా పోయిందనుకోండి, ఎందులో కలిసిందో చూసి దాని ఆర్టీఏని పట్టుకోవాలి. మన వైపు చాలా ఇళ్లలో ఆంధ్రా బ్యాంక్ షేర్లు ఉండేవి కదా, 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, వెయ్యికి 325 చొప్పున ఇచ్చారు. అంటే 200 ఉన్నవాళ్ల లెక్క 65, వెతకాల్సింది యూనియన్ బ్యాంక్ పేజీలో.

షేర్లు డీమ్యాట్‌లో, అంటే కాగితం లేకుండా ఎలక్ట్రానిక్ ఖాతాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అడ్రసు, బ్యాంకు ఖాతా మార్చాలంటే ఆర్టీఏ దగ్గరకు పోయి లాభం లేదు, బ్రోకర్ దగ్గరే మార్చాలి, అక్కడి నుంచే ఆర్టీఏకి వివరాలు వెళ్తాయి. రాని డివిడెండ్ గురించి అడగడానికి, ఐపీఓలో షేర్లు వచ్చాయో లేదో చూసుకోవడానికి మాత్రం ఆర్టీఏ పనికొస్తుంది.

కాగితం షేర్లదే అసలు కథ. 2019 ఏప్రిల్ నుంచి వీటిని కాగితం రూపంలో ఇంకొకరికి అమ్మే వీలు లేదు, డీమ్యాట్ చేయాల్సిందే. దానికి ముందు కేవైసీ. ఐఎస్ఆర్-1 ఫారంలో సర్టిఫికెట్ మీద ఉండే ఫోలియో నంబరు, పాన్, అడ్రసు, ఫోన్, బ్యాంకు వివరాలు రాయాలి, నామినీ కోసం ఎస్‌హెచ్-13. ఫారాలు ఆర్టీఏ సైట్‌లోనే ఉంటాయి, ప్రతి జిరాక్సు మీదా సంతకం, తేదీ ఉండాలి.

మేము ఇరుక్కున్నది రెండు చోట్ల. అమ్మ సంతకం వయసుతో మారిపోయింది, పాత రికార్డుతో కలవలేదని తిప్పి పంపారు. అప్పుడు ఐఎస్ఆర్-2 కావాలి, దాని మీద బ్యాంకు మేనేజర్ సంతకం ధ్రువీకరించి తన పేరు, ఉద్యోగి నంబరు, సీలు వేయాలి, పేరు అచ్చయిన క్యాన్సిల్ చెక్కు జత చేయాలి. మా బ్రాంచిలో ఆ ఫారం చూసి "ఇది మా పని కాదమ్మా" అన్నారు, అమ్మ పెన్షన్ ఖాతా ఉన్న ఇంకో బ్రాంచికి పోతే పది నిమిషాల్లో అయిపోయింది. రెండోది పేరు. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా! మన తెలుగువాళ్లందరికీ ఉన్న తలనొప్పే ఇది. రెండు పేర్లూ ఒకరివేనని చూపే కాగితం అడిగారు, పెన్షన్ పుస్తకం జిరాక్సుతో ఒప్పుకున్నారు. ఫారం పంపేముందే సర్టిఫికెట్, పాన్, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

కేవైసీ ఎక్కాక ఆగిపోయిన డివిడెండ్లు ఖాతాలో పడ్డాయి. ఏడేళ్లు దాటినవి మాత్రం ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి పోతాయి, వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లూ అక్కడికే. అవి వెనక్కి రావాలంటే ఐఈపీఎఫ్-5 ఫారం, అది వేరే యజ్ఞం. ఆ తర్వాత డీమ్యాట్ ఫారంతో పాటు సర్టిఫికెట్లు బ్రోకర్‌కు ఇచ్చాం, ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఆర్టీఏకి నా మార్కులా? పని కచ్చితంగా చేస్తారు, కానీ ఒకేసారి అన్ని లోపాలూ చెప్పరు, ఒకటి సరిచేస్తే ఇంకోటి తీస్తారు. ఫోన్ దండగ, ఫోలియో నంబరుతో ఈమెయిల్ రాస్తే జవాబు వస్తుంది. చెన్నై మూడు గంటలేగా అని బస్సెక్కనక్కర్లేదు, స్పీడ్ పోస్టు చాలు. కేవైసీకి ఆర్టీఏ ఫీజు తీసుకోదు కాబట్టి షేర్ల విలువలో ఇంత శాతం ఇస్తే చేసిపెడతామనే ఏజెంట్లను నమ్మకండి. ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే సెబీ వాళ్ల ఫిర్యాదుల సైట్ scores.sebi.gov.in లో ఫిర్యాదు వేయండి, స్పీడ్ పోస్టు రసీదు, పాత మెయిళ్లు జత చేస్తే 21 రోజుల్లో జవాబు చెప్పాలి వాళ్లు.