108 మెగాపిక్సెల్ ఫోన్‌తో రెండేళ్లు: పక్కన రెండు 50లు పెట్టి చూస్తే

హన్మకొండలో ఈ 108 మెగాపిక్సెల్ ఫోన్ కొని రెండేళ్లు దాటింది. కొన్న రోజు నేను చూసింది ఆ అంకె ఒక్కటే. ఇంట్లో ఇంకో రెండు ఫోన్లు ఉన్నాయి, ఒకటి నా భార్యది, ఒకటి తమ్ముడిది. రెండూ 50 మెగాపిక్సెల్‌వే. ఈ రెండేళ్లలో పండగలకు, పెళ్లిళ్లకు, ఊళ్లకు మూడూ వెంట వచ్చాయి. రాత్రి ఫోటోల్లో తమ్ముడి ఫోన్‌దే మొదటి స్థానం. నాది దాని వెనకాలే ఉంటుంది. నా భార్య ఫోన్ మాత్రం చాలా వెనకబడుతుంది. అంటే ఒకే అంకె రాసి ఉన్న రెండు ఫోన్లు రెండు కొసల్లో ఉన్నాయి, 108 మధ్యలో ఉంది.

ఈ తేడా నాకు బాగా తెలిసింది వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ రోజున. పెత్రమాస రాత్రి, పైన వెన్నెల లేదు, ఉన్నవల్లా ఫ్లడ్ లైట్లే. మా వదిన పేర్చిన బతుకమ్మను ముగ్గురం ఒకే చోట నిలబడి తీశాం. ఫోన్ తెర మీద చిన్నగా చూస్తే మూడూ బాగానే ఉన్నాయి. వేళ్లతో పెద్దది చేసి గునుగు పూల దగ్గర ఆగాం. తమ్ముడి ఫోటోలో గునుగు కంకి మీది సన్నని నూగు కనిపిస్తోంది. నా దాంట్లో కొంచెం తగ్గింది. నా భార్య ఫోన్‌లో గునుగంతా తెల్లటి ముద్ద అయిపోయింది, నీడ పడ్డ తంగేడు పూలు నీళ్లు చల్లిన రంగుల్లా కలిసిపోయాయి. "రెండూ యాభయ్యే కదా, మరి నాదెందుకు ఇట్లొచ్చింది?" అని ఆమె అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక ఫోటోల వివరాలు తెరిచి చూశాను.

మొదట తెలిసింది, మూడు ఫోటోలూ సుమారు 12 మెగాపిక్సెల్‌వే అని. నాది 4000 × 3000, తమ్ముడిది 4096 × 3072, నా భార్యది 4080 × 3060. మామూలు మోడ్‌లో ఈ ఫోన్లు పక్కపక్కన ఉన్న చిన్న పిక్సెళ్లను కలిపి ఒక్కటిగా లెక్కిస్తాయి. పిక్సెల్ బిన్నింగ్ అంటే ఇదే. 50లో నాలుగేసి, నా 108లో తొమ్మిదేసి కలుస్తాయి. అంటే నేను డబ్బు పెట్టి కొన్న 108, మామూలు మోడ్‌లో ఫోటో చేతికొచ్చేసరికి 12గానే ఉంది. ఇందులో మోసమేమీ లేదు, రాత్రి వెలుతురులో అదే సరైన పద్ధతి. 12 × 8 అంగుళాల ఆల్బమ్ ప్రింట్‌కు 12 మెగాపిక్సెళ్లు పుష్కలంగా సరిపోతాయి.

అసలు తేడా లెన్స్ వెనక వెలుగును పట్టుకునే సెన్సార్ సైజులో ఉంది. నా భార్య ఫోన్ సెన్సార్ 1/2.76 అంగుళాలు, తమ్ముడిది 1/1.56, నాది 1/1.67. గీత కింద అంకె చిన్నదైతే సెన్సార్ పెద్దదని అర్థం. పిక్సెల్ సైజును బట్టి వైశాల్యం లెక్క వేశాను. నా భార్యది సుమారు 20 చదరపు మిల్లీమీటర్లు, నాది 44, తమ్ముడిది 50. గునుగు పూలు కనిపించిన వరుస అచ్చంగా ఇదే. వాన పడేటప్పుడు వాకిట్లో చెంబు పెడితే ఎన్ని నీళ్లు, గంగాళం పెడితే ఎన్ని నీళ్లు? సెన్సార్ కూడా అంతే, వెడల్పును బట్టే వెలుగు పడుతుంది. వెలుగు తక్కువ పడ్డ సెన్సార్‌లో రంగుల్లో గింజలు తేలతాయి. ఆ గింజలను తుడిచే పనిలో సాఫ్ట్‌వేర్ గునుగు నూగును కూడా తుడిచేస్తుంది. ముద్దగా కనిపించింది అందుకే.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. నా 108లో, నా భార్య 50లో ఒక్కో పిక్సెల్ సైజు ఒకటే, 0.64 మైక్రాన్లు. అవే చిన్న పిక్సెళ్లు నా ఫోన్‌లో రెట్టింపు కన్నా ఎక్కువ ఉన్నాయి కాబట్టి సెన్సార్ పెద్దదైంది. నా ఫోన్ నెగ్గింది ఆ వైశాల్యం వల్లే. తమ్ముడి IMX766 సెన్సార్‌లో పిక్సెల్ 1 మైక్రాన్. అందుకే నా దాంట్లో సగం పిక్సెళ్లు కూడా లేకపోయినా అది పెద్దది.

అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, దగ్గర నేను చాలా రోజులు తికమక పడ్డాను. నా భార్య ఫోన్‌దీ f/1.8, తమ్ముడిదీ f/1.8. అలాంటప్పుడు వెలుగు సమానంగా రావాలి కదా అనుకున్నాను. కానీ f పక్కన ఉండేది రంధ్రం సైజు కాదు. లెన్స్ ఫోకల్ దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. చిన్న సెన్సార్ మీద అదే దృశ్యం పట్టాలంటే ఫోకల్ దూరం తక్కువ ఉండాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 మిల్లీమీటర్లకు సమానమైన మామూలు మెయిన్ కెమెరా అనుకుంటే, తమ్ముడి సెన్సార్‌కు అసలు ఫోకల్ దూరం దాదాపు 5.7 మిల్లీమీటర్లు, నా భార్య సెన్సార్‌కు 3.6. రెండింటినీ 1.8తో భాగిస్తే రంధ్రాలు దాదాపు 3.2, 2 మిల్లీమీటర్లు. కాగితం మీద ఒకే f, లోపల మాత్రం ఒక రంధ్రం ఇంకోదానికి రెట్టింపు పైగా వెలుగు వదులుతుంది. అందుకే రెండింటిలో ISO, షట్టర్ వేగం దాదాపు ఒకటే ఉండి, ఫోటోల వెలుతురు సమానంగానే కనిపించినా, గింజలు మాత్రం సమానంగా లేవు. f అంకెలను పోల్చాలంటే ముందు సెన్సార్లు ఒకే సైజువి అయి ఉండాలి.

మరి పిక్సెళ్లను కలపకుండా తీసే 108 మోడ్ ఎప్పుడైనా పనికొచ్చిందా? వచ్చింది, రామప్పలో. మధ్యాహ్నం ఎండలో మదనికల శిల్పాలను రెండు మోడ్‌లలోనూ తీశాను. 108లో నల్లరాతి మీది నగల చెక్కడం కొంచెం ఎక్కువ తేటగా వచ్చింది. తొమ్మిది రెట్లు పిక్సెళ్లు ఉన్నాయి కదా అని తొమ్మిది రెట్లు వివరం ఆశిస్తే మాత్రం రాదు. ఎంత మంచి లెన్స్ అయినా ఒక వెలుగు చుక్కను సన్నని బిందువుగా నిలపలేదు. f/1.8 దగ్గర ఆ చుక్క వ్యాసం దాదాపు 2.4 మైక్రాన్లు ఉంటుంది, అంటే నా పిక్సెళ్లు దాదాపు నాలుగు పక్కపక్కన పెట్టినంత. పైగా తొమ్మిది పిక్సెళ్ల మీద ఒకే రంగు ఫిల్టర్ ఉంటుంది కాబట్టి మధ్య రంగులను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపాలి. అదే రోజు గుడి లోపల మంటపంలో 108 మోడ్‌లో తీసిన ఫోటోలన్నీ గింజలతో నిండిపోయాయి, వాటిని ఇంటికొచ్చి తీసేశాను. లోపల మామూలు మోడ్‌లో తీసినవి ఇప్పటికీ ఉన్నాయి.

తమ్ముడి ఫోన్‌కూ ఒక ఇబ్బంది ఉంది. పెద్ద సెన్సార్ కాబట్టి దగ్గరి వస్తువుల్లో ఫోకస్ పడే లోతు తక్కువ. పట్టాదారు పాస్ పుస్తకం పేజీని దగ్గర నుంచి తీస్తే మధ్యలో అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, మూలలు మసకబారతాయి. అడుగు వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్ చేస్తే సరిపోతుంది. నా భార్య ఫోన్‌లో ఆ బాధే లేదు, పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చదవగలం. మా ఇంట్లో కాగితాలన్నీ ఆ ఫోన్‌తోనే తీస్తాం.

మొన్న మా మేనకోడలికి ఫోన్ కొనడానికి నేనూ వెళ్లాను. షాపులో లైట్ల కింద ఏ కెమెరా అయినా బాగానే కనిపిస్తుంది. అందుకని ఆ అమ్మాయి చున్నీని కౌంటర్ కింద నీడలో పట్టుకోమని, రెండు డెమో ఫోన్లతో మామూలు మోడ్‌లోనే తీసి, కుట్టుపని దగ్గర పెద్దది చేసి చూశాం. ఒకదాంట్లో దారాలు లెక్కపెట్టేలా ఉన్నాయి, ఇంకోదాంట్లో గుడ్డ ప్లాస్టిక్‌లా నున్నగా వచ్చింది. నున్నగా వచ్చినదాని డబ్బా మీదే పెద్ద అంకె ఉంది. సెన్సార్ సైజులు చూస్తే ఒకటి 1/1.56, ఇంకోటి 1/2.76 కన్నా చిన్నది. అమ్మాయి మొదటిదే తీసుకుంది.