డెంగీనా, స్క్రబ్ టైఫసా?

వానాకాలంలో జ్వరంతో ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అనేస్తారు. చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలోనూ తగ్గుతాయి, మలేరియాలోనూ తగ్గుతాయి. అందుకే మలేరియా రక్తపరీక్ష అందరికీ చేయాల్సిందే. మెల్లగా పెరుగుతూ వారం నిలిచిన జ్వరమైతే టైఫాయిడ్‌కు బ్లడ్ కల్చర్ పంపాలి, ఒక్క వైడాల్ పరీక్షను నమ్మొద్దు.

మొదలు: డెంగీ ఒక్కసారిగా కాస్తుంది, కళ్ల వెనక నొప్పి. స్క్రబ్ వారం దాటినా దిగదు.

ఒంటిమీద: డెంగీలో ముఖం ఎర్రబారుతుంది. స్క్రబ్‌లో పురుగు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పరు; చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మనమే వెతకాలి. కనబడకపోయినా స్క్రబ్ కాదనలేం.

ప్రమాదం: డెంగీలో జ్వరం తగ్గే వేళే గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం కనిపిస్తే ఆసుపత్రిలో చేర్చాలి. స్క్రబ్‌లో మందు ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

కలుపు తీసే ఒకామెకు ఎనిమిదో రోజూ జ్వరం, ప్లేట్‌లెట్లు 80 వేలు, చీర ముడి కింద పెచ్చు ఉందనుకుందాం. రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మొదలుపెడతాం. సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. అదే మూడో రోజు జ్వరమై, పెచ్చు లేకపోతే డెంగీ ఎన్‌ఎస్‌1 పరీక్ష, పారాసెటమాల్, ద్రవాలు. ఐబుప్రొఫెన్ వద్దు.