w.wiki పొట్టి లింకులు: ఏళ్లుగా వాడుతున్నాక నా మాట

తెలుగు వికీపీడియా పేజీని ఎవరికైనా పంపాలంటే నాకు ఒకప్పుడు చిరాకు. చదవడానికి కాదు, పంపడానికి. శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల గ్రూపు ఒకటి నేను నడుపుతాను. జిల్లా చరిత్ర, నదులు, ఆలయాల మీద రోజూ ఏదో ఒక పేజీ పెడుతుంటాను. బ్రౌజర్ పైన శుభ్రంగా తెలుగులో కనిపించే చిరునామా, కాపీ చేసి అతికించేసరికి ఇలా తయారవుతుంది:

```
https://te.wikipedia.org/wiki/%E0%B0%B6%E0%B1%8D%E0%B0%B0%E0%B1%80%E0%B0%95%E0%B0%BE%E0%B0%95%E0%B1%81%E0%B0%B3%E0%B0%82
```

ఇది శ్రీకాకుళం పేజీయే. చిరునామాలో తెలుగు అక్షరాలు నేరుగా ప్రయాణం చేయవు. కంప్యూటర్ లెక్కలో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, వత్తు కోసం వేసే పొల్లుకీ, సున్నాకీ ఒక్కోదానికి మూడు బైట్లు. ఒక్కో బైటును శాతం గుర్తు, రెండు అంకెలు లేదా అక్షరాలుగా రాస్తారు. అంటే ఒక్కోదానికి తొమ్మిది స్థానాలు. 'శ్రీకాకుళం'లో అలాంటివి పది ఉన్నాయి కాబట్టి పేరుకే తొంభై అయింది, ముందున్న ముప్ఫై కలిపితే నూట ఇరవై. 'జిల్లా' కూడా చేరిస్తే ఇంకెంతవుతుందో చూసుకోండి. గ్రూపులో ఒక పెద్దాయన ఈ అవతారం చూసి "ఇదేటి మాస్టారూ, వైరస్ గానీ కాదు కదా?" అని అడిగారు. ఆయన అనుమానం తప్పని నేననను.

సరే, తెలుగులోనే కనిపించేలా పంపుదామని చూశాను. కంప్యూటర్లో క్రోమ్ వాడేవాళ్లకి చిన్న కిటుకు ఉంది. చిరునామా చివర ఒక ఖాళీ కొట్టి, అప్పుడు మొత్తం ఎంచుకుని కాపీ చేస్తే శాతం గుర్తుల బదులు తెలుగే వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. వాట్సాప్‌లో బాగానే నడిచింది. మేము నోట్సు పంచుకునే ఇంకో యాప్‌లో మాత్రం లింకు 'శ' వరకే నీలంగా మారింది, మిగతాది మామూలు నల్ల అక్షరాల్లో ఉండిపోయింది. పిల్లలు నొక్కితే శ్రీకాకుళం బదులు 'శ' అనే పేజీ కోసం వెళ్లింది. ఎక్కడ తెగిందో చూస్తే కారణం తెలిసిపోతుంది. కొన్ని యాప్‌లు లింకు ఎక్కడ ముగుస్తుందో గుర్తుపట్టేటప్పుడు అక్షరాలనూ అంకెలనూ మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి. మన పొల్లూ గుణింతాలూ వాటి దృష్టిలో అక్షరాలు కావు, అందుకే మొదటి గుర్తు దగ్గరే లింకు అయిపోయిందనుకుంటాయి. 'శ' తర్వాత పొల్లు ఉంది, అక్కడే తెగింది. కాబట్టి తెలుగు లింకు పంపాక నీలం రంగు ఎంతవరకు పాకిందో చూడాలి. నీలంగా మారిందా లేదా అని మాత్రం చూస్తే సరిపోదు.

w.wiki నా చేతికొచ్చింది ఈ తలనొప్పి మధ్యలోనే. వికీమీడియా సంస్థ 2019లో తెచ్చిన పొట్టి లింకుల సదుపాయం ఇది. వికీపీడియా పేజీలో పరికరాల మెనూలోనే పొట్టి చిరునామా ఇచ్చే మాట ఉంటుంది. అది దొరకకపోతే meta.wikimedia.org లో Special:UrlShortener అనే పేజీలో పొడుగు చిరునామా అతికిస్తే చాలు. w.wiki/ తర్వాత కొన్ని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ వస్తాయి, అంతే. శాతాలు లేవు, గుణింతాలు లేవు, ఆ యాప్ కూడా మొత్తం నీలంగా మార్చింది.

నాకు నిజంగా నచ్చింది మాత్రం నీలంగా మారని చోట. ఒకసారి లైబ్రరీ బోర్డు మీద చదవాల్సిన పేజీల పట్టీ కాగితం మీద రాసి అంటించాల్సి వచ్చింది. కాగితాన్ని నొక్కలేం కదా. పొడుగు చిరునామా అయితే ఎవరూ టైపు చేయరు, చేసినా ఒక్క అంకె తప్పితే గోవిందా. పొట్టి లింకులు రాసి, పక్కన పేజీ పేరు రాశాను. ఆ సాయంత్రం ఆమదాలవలస నుంచి వచ్చే అమ్మాయి బోర్డు ముందే నిలబడి ఫోన్‌లో కొట్టి తెరిచేసింది. తర్వాత ఫోన్లో నోటితో కూడా ఒకరికి చెప్పగలిగాను. లింకు నొక్కుడుపడుతుందో లేదో తెలియని చోట కూడా చేత్తో కొట్టుకోగలిగేదై ఉండాలన్న సంగతి నాకు అప్పుడే ఒంటబట్టింది. మెసేజ్‌లో పంపేటప్పుడు మాత్రం ముందు https:// పెట్టడం మానను. అది లేకపోతే కొన్ని చోట్ల లింకుగానే గుర్తుపట్టవు.

నోటితో చెప్పడం అంత హాయి కూడా కాదులెండి. ఇందులో పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. "పెద్ద కె, చిన్న కె" అని చెప్పకపోతే వేరే పేజీకి పోవచ్చు, లేదా ఎక్కడికీ పోకపోవచ్చు. పైగా పొట్టి లింకు చూస్తే లోపల ఏముందో తెలియదు. w.wiki వికీమీడియా పేజీలకు తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లదు కాబట్టి భయం లేదని నాకు తెలుసు, మా పెద్దాయనకు తెలియదు. అందుకే పై వరుసలో పేజీ పేరు, కింది వరుసలో లింకు ఒక్కటే పెడతాను.

లింకును విడి వరుసలో పెట్టడానికి ఇంకో కారణం మన తెలుగే. 'ఈ లింకులో చూడండి' అన్నట్టు చిరునామాకి 'లో' అంటించి రాస్తాం:

```
https://te.wikipedia.org/wiki/శ్రీకాకుళంలో చూడండి
```

చాలా యాప్‌లకు ఆ 'లో' కూడా చిరునామాలో భాగమే. 'శ్రీకాకుళంలో' అనే పేజీ వెతికి, అలాంటి వ్యాసం లేదని చెబుతుంది. పొట్టి లింకుకు అంటించినా ఇదే గతి. ఇంగ్లీషులో విభక్తి విడిగా ఉంటుంది కాబట్టి వాళ్లకీ బాధ లేదు.

ఇంతా చెప్పాక, నా పనికి ఇది సరిపోవడానికి కారణం నేను పంపేవి ఎక్కువగా వికీ పేజీలే కావడం. నోటిఫికేషన్లు, వీడియోలు పంపేవాళ్లకు w.wiki అక్కరకు రాదు, ఆ చిరునామాలను అది తీసుకోదు. వాటికి వేరే ఉచిత పొట్టి లింకుల సేవ ఒకటి కొన్నాళ్లు వాడాను. కొంతకాలానికి పాత లింకు నొక్కితే ముందు ప్రకటనల పేజీ రావడం మొదలైంది, మానేశాను. గూగుల్ వారి goo.gl కూడా 2019లో కొత్త లింకులు ఇవ్వడం ఆపేసింది, ఎవరూ వాడని పాత లింకులను 2025 ఆగస్టులో ఆపేస్తామంది. కాబట్టి వికీ కాని వాటికి పొడుగు చిరునామాలోనే తోక కత్తిరిస్తాను. ప్రశ్నార్థకం తర్వాత utm_source, fbclid లాంటివి ఉంటే, ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టుకోడానికే, తీసేయొచ్చు. యూట్యూబ్ పూర్తి చిరునామాలో v= తర్వాత ఉన్నది మాత్రం ఆ వీడియో గుర్తు, అది పోతే వీడియోనే పోతుంది. కత్తిరించాక ప్రైవేటు విండోలో ఒకసారి తెరిచి చూసి, అప్పుడు పంపుతాను.