జేఈఈ ఫారం నెట్ సెంటర్‌లో నింపిస్తున్నారా? ఓబీసీ సర్టిఫికెట్ దగ్గర జాగ్రత్త

జేఈఈ మెయిన్ దరఖాస్తులు మొదలయ్యాయంటే మా మండల కేంద్రంలో నెట్ సెంటర్లన్నీ కిటకిటలాడతాయి. పరీక్ష ఫీజు మీద మూడు వందలో ఐదు వందలో ఇస్తే ఫారం వాళ్లే నింపి, ప్రింట్ తీసి చేతిలో పెడతారు. బీసీ పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆ డబ్బు కట్టేముందు ఈ పోస్టు ఒకసారి చదవండి.

మాది పద్మశాలి కుటుంబం, తెలంగాణలో బీసీ-బి. మా చెల్లి ఫారం నింపిన ఆపరేటర్ "బీసీయే కదా" అంటూ కేటగిరీలో ఓబీసీ-ఎన్‌సీఎల్, అంటే క్రీమీ లేయర్‌లో లేని ఓబీసీ, ఎంచుకున్నాడు. అక్కడిదాకా తప్పేం లేదు, పద్మశాలి కేంద్ర ఓబీసీ జాబితాలోనూ ఉంది. ఆ తర్వాత మేం ఇంటర్ కాలేజీకి ఇచ్చిన మామూలు కుల ధ్రువీకరణ పత్రాన్నే స్కాన్ చేసి పెట్టేశాడు. "ఓబీసీది వేరే ఉంటుందంట కదా" అని నాన్న అడిగితే, "అన్నీ ఒకటే అంకుల్, రోజూ వందమందికి చేస్తున్నా" అన్నాడు. సైట్ కిక్కురుమనకుండా ఫైల్ తీసుకుంది. హాల్ టికెట్ వచ్చింది, రిజల్ట్‌లో ఓబీసీ ర్యాంకు కూడా వచ్చింది. కాగితం తప్పని ఎక్కడా తెలియలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ అప్పుడు ఏదో ఒక పీడీఎఫ్ ఉంటే చాలు, ఫారం ముందుకు పోతుంది. ఆ కాగితాన్ని మనిషి కూర్చుని చదివేది కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్ మొదటి రౌండ్‌లో చెల్లికి ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. సీటు ఒప్పుకుని, ఫీజు కట్టి, పత్రాలు అప్‌లోడ్ చేశాక వెరిఫికేషన్ అధికారి క్వెరీ పెట్టారు: నిర్ణీత నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాత ఇచ్చిన ఓబీసీ-ఎన్‌సీఎల్ సర్టిఫికెట్ కావాలని.

మన దగ్గర ఉండే రెండు కాగితాలకు తేడా చూస్తే మీరే పట్టేస్తారు. మీసేవలో తీసుకునే మామూలు కుల పత్రంలో కులం పేరు, బీసీ-ఎ నుంచి బీసీ-ఇ దాకా మీ గ్రూపు ఉంటాయి. అది రాష్ట్రం అవసరాలకు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు అది సరిపోతుంది. కేంద్ర సంస్థలకు కావాల్సిన పత్రంలో కుటుంబం క్రీమీ లేయర్‌లో, అంటే ఓబీసీల్లో హోదా, ఆదాయం బాగా ఉన్నవాళ్ల వర్గంలో, లేదని తహసీల్దారు ధ్రువీకరించే వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలోనే `36012/22/93-Estt.(SCT)` అనే ఉత్తర్వు నంబరు, 08-09-1993 తేదీ కనిపిస్తాయి. మీ చేతిలోని కాగితంలో ఆ నంబరు, క్రీమీ లేయర్ మాట లేకపోతే అది ఓబీసీ-ఎన్‌సీఎల్ సర్టిఫికెట్ కాదు, దాని మీద ఎన్ని ముద్రలున్నా సరే. దీనికి మీసేవలో విడిగా ఓబీసీ సర్టిఫికెట్ దరఖాస్తు పెట్టాలి.

తేదీ సంగతి ఇంకో మెలిక. కుల పత్రం ఒకసారి తీసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుందని మనకు అలవాటు. కులం మారదు కానీ ఆదాయం మారుతుంది కాబట్టి క్రీమీ లేయర్ పత్రానికి ఆ లెక్క నడవదు. నవంబరులో మెయిన్ ఫారం కోసం తీసుకున్నది జూన్ నాటి జోసాకు పాతదైపోతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోండి. అడ్వాన్స్‌డ్ రాసేవాళ్లకు రిజిస్ట్రేషన్ నాటికి అది చేతికి రాకపోతే డిక్లరేషన్ ఫారం పెట్టే వీలు ఇస్తున్నారు, కానీ కౌన్సెలింగ్‌లో అసలు పత్రం తప్పదు. జూన్ దాకా ఆగితే బడులు, కాలేజీల అడ్మిషన్ల కోసం వచ్చిన దరఖాస్తులన్నీ తహసీల్దారు ఆఫీసులో గుట్టలుగా పడి ఉంటాయి. మా దరఖాస్తు ఆ గుట్టలోనే చిక్కుకుంది. గడువులోగా సర్టిఫికెట్ రాలేదు, సీటు రద్దయింది. తర్వాతి రౌండ్లలో చెల్లిని జనరల్‌గా, కామన్ ర్యాంకుతో చూశారు. ఆ ర్యాంకుకు ఎన్‌ఐటీ అందలేదు. ఇప్పుడు ఎప్‌సెట్‌లో వచ్చిన కాలేజీలో చదువుతోంది.

గడువు అంత ఇరుకైపోవడానికి ఇంకో కారణం ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఓటీపీ కోసం మాటిమాటికీ ఎదురుచూడలేక ఆ ఆపరేటర్ తన సెంటర్ మెయిలు, తన ఫోన్ నంబరే ఇచ్చేసుకున్నాడు. క్వెరీ మెసేజ్ అతనికి పోయింది. చెల్లి తనంతట తాను జోసా సైట్‌లో లాగిన్ అయ్యేవరకు ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే "రోజుకు ఎన్ని మెసేజ్‌లు వస్తాయో తెలుసా" అని ఎదురు మాట్లాడాడు.

అదే సెంటర్‌లో దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది, అదీ చెప్పాలి. మాకు తెలిసిన ఒక హెడ్ కానిస్టేబుల్ గారబ్బాయిదీ ఓబీసీ కులమే. "మీ నాన్న జీతం ఎనిమిది లక్షలు దాటింది, మీరు క్రీమీ లేయర్" అని చెప్పి ఆ అబ్బాయికి జనరల్ పెట్టేశాడు. ఎనిమిది లక్షల పరిమితి నిజమే, 2017 నుంచి ఉంది. కానీ ఆ ఆదాయ పరీక్షలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఇంటి అద్దెలు, వ్యాపారం లాంటి ఇతర ఆదాయం చూస్తారు. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ముందు చూసేది వాళ్ల హోదా: తల్లిదండ్రుల్లో ఒకరు నేరుగా గ్రూప్-ఎలో చేరినా, ఇద్దరూ నేరుగా గ్రూప్-బిలో చేరినా పిల్లలు క్రీమీ లేయర్. కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్ అయిన మనిషికి జీతం తప్ప వేరే రాబడి లేకపోతే ఆ పిల్లాడు ఓబీసీ-ఎన్‌సీఎల్‌కు అర్హుడే. అడ్వాన్స్‌డ్‌కు తీసుకునే రెండున్నర లక్షల మందిలో 27 శాతం ఓబీసీ-ఎన్‌సీఎల్ వాళ్లకే. ఆ అబ్బాయి ఊరికే ఆ వరస వదులుకుని ఓపెన్‌లో పోటీపడాల్సి వచ్చింది. జీతం, పంట రాబడి అన్నీ కలిపి చూసేది ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు. ఆపరేటర్ ఈ రెండింటినీ కలిపేశాడు.

ఇంకొకటి: రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ కారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జాబితాల్లో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. ముఖ్యంగా బీసీ-ఇ వాళ్లు తప్పకుండా చూసుకోవాలి. జాతీయ బీసీ కమిషన్ సైట్ `ncbc.nic.in`లో రాష్ట్రాల వారీగా కేంద్ర జాబితా ఉంది. అందులో మీ కులం పేరు, మీ పత్రంలో రాసిన పేరు ఒకటేనా కాదా చూడండి.

మీ పిల్లల ఫారం ఇప్పటికే సెంటర్‌లో నింపించి ఉంటే ఈ రోజే సొంత ఫోన్‌లో లాగిన్ అవ్వండి. కన్ఫర్మేషన్ పేజీలో కేటగిరీ, మెయిలు, ఫోన్ నంబరు ఎవరివో చూసి, అప్‌లోడ్ చేసిన సర్టిఫికెట్ తెరిచి చదవండి. తేడా ఉంటే ఎన్‌టీఏ కరెక్షన్ విండోలో కేటగిరీ మార్చుకోవచ్చు, కాకపోతే అది ఒక్కసారే, రెండు మూడు రోజులే తెరిచి ఉంటుంది. నెట్ సెంటర్‌కు వెళ్లక తప్పదనుకుంటే పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలని చెప్పండి, ప్రివ్యూ మొత్తం చూసేదాకా ఫైనల్ సబ్మిట్ నొక్కనివ్వకండి. "వెనక జనం ఉన్నారు, త్వరగా" అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.