రెండు లాభాల తేడాకు ఒక్క వరుస లెక్క: చాలాకాలం వాడిన మీదట

ఒంగోలులో సీఎంఏ ఇంటర్ విద్యార్థులకు కాస్టింగ్ చెబుతూ, చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లకు కాస్ట్ షీట్లు తయారు చేస్తూ నేను ఏళ్ల తరబడి ఆధారపడుతున్న సూత్రం ఒకటి ఉంది. క్లోజింగ్ స్టాక్‌లో ఇమిడిన ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ నుంచి ఓపెనింగ్ స్టాక్‌లో ఇమిడినదాన్ని తీసివేస్తే, ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌ను తయారైన సరుకు ఖర్చులో కలిపి లెక్కించే అబ్జార్ప్షన్ లాభానికీ, దాన్ని మొత్తంగా ఆ కాలానికే రాసే మార్జినల్ లాభానికీ మధ్య ఉన్న తేడా వస్తుంది. మామూలు ప్రశ్నల్లో ఇది ఎవరికైనా పనిచేస్తుంది. దీని సత్తా తేలేది మాత్రం అండర్ అబ్జార్ప్షన్ ఉన్న ప్రశ్నలో, అంటే సరుకు మీద వేసిన ఓవర్‌హెడ్ నిజంగా అయిన ఖర్చు కంటే తక్కువైన ప్రశ్నలోనే.

తరగతిలో నేను ఇచ్చే లెక్క ఇది. ఒక పాలిషింగ్ యూనిట్ సాధారణ సామర్థ్యం నెలకు 20,000 చదరపు అడుగులు, ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ అంచనా రూ. 6,00,000, అంటే చదరపు అడుగుకు రూ. 30 రేటు. అమ్మకపు ధర రూ. 140, వేరియబుల్ కాస్ట్ రూ. 70. ఆ నెల తయారైనది 16,000 అడుగులే, అమ్ముడైనది 14,000, ఓపెనింగ్ స్టాక్ లేదు, నిజంగా ఖర్చయిన ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ రూ. 6,40,000. అబ్జార్బ్ అయినది రూ. 4,80,000 కాబట్టి అండర్ అబ్జార్ప్షన్ రూ. 1,60,000.

మార్జినల్ పద్ధతిలో అమ్మకాల్లోంచి వేరియబుల్ కాస్ట్ పోగా మిగిలే కాంట్రిబ్యూషన్ రూ. 9,80,000, అందులోంచి రూ. 6,40,000 పోగా లాభం రూ. 3,40,000. అబ్జార్ప్షన్ పద్ధతిలో రూ. 30 రేటు కూడా పోగా అడుగుకు రూ. 40 చొప్పున రూ. 5,60,000 వస్తుంది, అండర్ అబ్జార్ప్షన్ తీసివేస్తే రూ. 4,00,000 మిగులుతుంది. తేడా రూ. 60,000, అంటే మిగిలిన 2,000 అడుగులను రూ. 30తో గుణిస్తే వచ్చే మొత్తమే.

ఇక్కడే చాలామంది ఆ రూ. 1,60,000ను కూడా రీకన్సిలియేషన్‌లో మరో వరుసగా చేరుస్తారు, లెక్క కలవక మొదటికి వస్తారు. ఆ మొత్తానికి అక్కడ చోటెందుకు లేదో చూడాలి. అబ్జార్ప్షన్ ఖాతాలోకి వచ్చినది 4,80,000తో పాటు 1,60,000, అంటే నిజంగా అయిన ఖర్చు 6,40,000 మొత్తమూ; అందులోంచి 60,000 స్టాక్‌తో పాటు వచ్చే నెలకు వెళ్లిపోయింది. మార్జినల్ ఖాతాలోనూ అదే 6,40,000 పూర్తిగా పడింది. రెండు వైపులా సమానంగా పడిన ఖర్చు తేడాను ఎలా పుట్టిస్తుంది? అండర్ అబ్జార్ప్షన్ రెండు లక్షలైనా, అది పూర్తిగా ఆ నెల లాభనష్టాల ఖాతాకే రాసినంత కాలం తేడా రూ. 60,000 దగ్గరే నిలుస్తుంది.

ఆ షరతును ప్రశ్నలో వెతికి చదవాలి. అండర్ అబ్జార్ప్షన్‌ను సప్లిమెంటరీ రేటుతో పంచమని అడిగితే, 1,60,000ను 16,000తో భాగించగా అడుగుకు రూ. 10 అదనంగా పడుతుంది. స్టాక్‌లో ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ రూ. 40 చొప్పున రూ. 80,000 అవుతుంది, అబ్జార్ప్షన్ లాభం రూ. 4,20,000కు పెరుగుతుంది. సూత్రం మారలేదు, అందులో పెట్టే రేటు మారింది. అయితే కరెంటు కోతవల్లో, క్వారీ నుంచి బ్లాకులు రాకపోవడంవల్లో అసాధారణంగా పని ఆగి లోటు ఏర్పడితే దాన్ని స్టాక్ మీదికి నెట్టకూడదు. ఆర్థిక నివేదికల్లో స్టాక్ విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 2 కూడా ఫిక్స్‌డ్ ప్రొడక్షన్ ఓవర్‌హెడ్‌ను సాధారణ సామర్థ్యం ఆధారంగానే సరుకుకు కేటాయించి, కేటాయించని భాగాన్ని ఆ కాలపు ఖర్చుగా చూపమంటుంది. యూనిట్ల లెక్కల్లో నేను ఈ పద్ధతినే పాటిస్తాను, ఎందుకంటే మిషన్లు ఆగిన నెలలో సరుకు విలువ పెరిగినట్టు కనిపించడం యజమానిని తప్పుదారి పట్టిస్తుంది.

ఈ సూత్రంలో నాకు తృప్తి కలిగించని అంశం ఒకటుంది: అందరూ దాన్ని 'స్టాక్ పెరుగుదల ఇంటూ రేటు' అని కుదించి గుర్తుపెట్టుకుంటారు. రేటు మారిన సంవత్సరంలో ఆ కుదింపు దెబ్బతీస్తుంది. ఓపెనింగ్ స్టాక్ 2,000 అడుగులు పాత రేటు రూ. 30 దగ్గర, క్లోజింగ్ స్టాక్ 5,000 అడుగులు కొత్త రేటు రూ. 35 దగ్గర ఉంటే, ముందు వచ్చినది ముందు పోయిందన్న లెక్కన తేడా 1,75,000 లోంచి 60,000 పోగా రూ. 1,15,000, కుదించిన రూపం మాత్రం 3,000 అడుగుల పెరుగుదలను రూ. 35తో గుణించి రూ. 1,05,000 చూపుతుంది. అందుకే నా విద్యార్థుల చేత రెండు స్టాకులనూ వాటి వాటి రేట్లతో విడివిడిగా రాయిస్తాను. అమ్మకపు ఖర్చులను మాత్రం ఇందులోకి రానివ్వను. అవి ఏ పద్ధతిలోనూ స్టాక్‌లోకి చేరవు.