ఇంపెల్లర్ కాస్టింగ్‌కి ఏ లాట్ సైజు? మూడు రూల్స్‌తో తొమ్మిదేళ్ల అనుభవం

బాలానగర్‌లో నీటి పంపులు తయారుచేసే కంపెనీలో మెటీరియల్ ప్లానింగ్ చూస్తాను. ఏ వారం ఎన్ని ముక్కలు తగ్గుతాయో ప్లానింగ్ రన్ లెక్కతీసి చెబుతుంది. ఆ లోటుకు ఎంత ఆర్డర్ పెట్టాలన్నది మాత్రం లాట్ సైజు రూల్ చేతిలో ఉంటుంది. మేం వాడే SAPలో ఇది ఐటమ్ మాస్టర్‌లో రెండక్షరాల కోడ్: `EX` అంటే లాట్-ఫర్-లాట్, `FX` అంటే ఫిక్స్‌డ్ క్వాంటిటీ, `MB` అంటే నెలవారీ పీరియడ్. మూడింటినీ ఏళ్ల తరబడి వాడాను.

మా ఇంపెల్లర్ కాస్టింగ్‌ను పోలిన ఒక ఐటమ్ తీసుకుందాం. ఎనిమిది వారాల అవసరం వరుసగా 40, 0, 25, 60, 0, 35, 10, 50. మొత్తం 220. మొదట్లో స్టాక్ సున్నా. ఒక్కో ఆర్డర్‌కి బండి, ఇన్‌స్పెక్షన్, కాగితాలు కలిపి 500 రూపాయలు. వారం చివర మిగిలిన ఒక్కో ముక్కకు వారానికి 4 రూపాయల ఖర్చు అనుకుందాం.

లాట్-ఫర్-లాట్‌లో అవసరమున్న ప్రతి వారానికీ అంతే ఆర్డర్. ఆరు ఆర్డర్లు, 3,000 రూపాయలు, మిగులు లేదు. ఏడో వారం 10 ముక్కల కోసం కూడా బండి రావాలి.

ఫిక్స్‌డ్ క్వాంటిటీ 80 పెడితే ఆర్డర్లు 1, 4, 7 వారాల్లో వస్తాయి. మిగులు వరుసగా 40, 40, 15, 35, 35, 0, 70, 20. కూడితే 255, దాని ఖర్చు 1,020. ఆర్డర్ల 1,500తో కలిపి 2,520.

ఫిక్స్‌డ్ పీరియడ్ మూడు వారాలు పెడితే, అంటే మూడేసి వారాల అవసరాన్ని ఒకే ఆర్డర్‌లో కలిపితే, ఆర్డర్లు మళ్లీ అవే 1, 4, 7 వారాల్లోనే, కానీ పరిమాణాలు 65, 95, 60. మిగులు మొత్తం 170, ఖర్చు 680. అంతా కలిపి 2,180.

ఆర్డర్ల సంఖ్య, తేదీలు రెండింటిలోనూ ఒకటే, తేడా 340 రూపాయలు. నాకు ఈ విషయం అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. ఫిక్స్‌డ్ క్వాంటిటీలో మూడో వారం చివర 15 ముక్కలు మిగులుతాయి. నాలుగో వారం అవసరం 60 కాబట్టి ఆ 15 ఉన్నా ఆర్డర్ తప్పదు. అంటే అవి మూడు వారాలు రాక్‌లో పడి ఉండి కూడా ఒక్క ఆర్డర్‌నీ తప్పించలేదు. పీరియడ్ రూల్‌లో ఇలాంటి తోక మిగలదు.

ఇంకో ఇబ్బంది టెన్షన్ పెట్టేది. మూడో వారం అవసరం 25 నుంచి 41కి పెరిగిందనుకోండి. 80లోంచి 40, 41 పోతే ఒక్క ముక్క తక్కువ. ఆ ఒక్కదాని కోసం 80 ముక్కల ఆర్డర్ వారం ముందుకు జరుగుతుంది, దాంతో తర్వాతి ఆర్డర్ కూడా ఏడో వారం నుంచి ఆరుకు వస్తుంది. పీరియడ్ రూల్‌లో, మొదటి ఆర్డర్ ఇంకా ఫౌండ్రీకి వెళ్లకముందే మార్పు తెలిస్తే, 65 కాస్తా 81 అవుతుంది, అంతే. వెళ్లిపోయాక తెలిస్తే ఇక్కడా తిప్పలే.

అలాగని `MB`ని కళ్లు మూసుకుని పెట్టకండి. అది క్యాలెండర్ నెలను చూస్తుంది. 30న ఒక అవసరం, 2న ఇంకొకటి ఉంటే రెండు ఆర్డర్లు వస్తాయి. మధ్యలో ఉన్నది రెండు మూడు రోజులే అయినా అది కలపదు.

లాట్-ఫర్-లాట్‌ను నేను బయటి కాస్టింగ్‌లకు వాడను. 60 తెప్పిస్తే మెషీనింగ్‌లో రెండింట్లో బ్లోహోల్ బయటపడుతుంది, రెండు పంపులు ఆగిపోతాయి. వాడాల్సి వస్తే స్క్రాప్ శాతమో కొంత సేఫ్టీ స్టాకో తప్పదు. కానీ మా పంపు అసెంబ్లీకి అదే సరైనది. ఒకప్పుడు అసెంబ్లీకి 50 చొప్పున ఫిక్స్‌డ్ పెట్టాం. కస్టమర్‌కి కావాల్సింది వారానికి పది పన్నెండు పంపులైనా, కింద ఇంపెల్లర్‌కి మాత్రం ఒక వారం 50, తర్వాత కొన్ని వారాలు సున్నా కనిపించేది. అసలు గిరాకీ ఎంతో కొనుగోలు వాళ్లకు తెలిసేది కాదు. `EX`కి మార్చాక, స్టాకు, అవసరాలు చూపే `MD04` స్క్రీన్‌లో అంకెలు నిజమైన ఆర్డర్లను పోలి కనిపించాయి.

మూడు వారాలన్నది ఊహ కాదు. వారానికి సగటు అవసరం 27.5. ఆర్డర్ ఖర్చు, నిల్వ ఖర్చు కలిపి తక్కువయ్యే పరిమాణం చెప్పే EOQ సూత్రం ప్రకారం √(2 × 27.5 × 500 ÷ 4) సుమారు 83 ముక్కలు, 27.5తో భాగిస్తే 3 వారాలు. అదే ఎనిమిది వారాలకు నాలుగు వారాల పీరియడ్ పెట్టి చూశాను, ఖర్చు 2,360 వచ్చింది. ఈ లెక్కలో ఎక్కువ మారేది ఆ 500. ఫౌండ్రీ బండి వేరే కాస్టింగ్‌ల కోసం ఎలాగూ ప్రతివారం రావడం మొదలయ్యాక, మా వాటా ఖర్చు దాదాపు 150కి దిగింది. అప్పుడు సూత్రం 45 ముక్కలంటుంది, అంటే వారం పదిరోజులు దాటి రెండు వారాల్లోపు. అందుకే ఇంపెల్లర్ కాస్టింగ్‌కి పీరియడ్‌ను మూడు నుంచి రెండు వారాలకు మార్చాను.